గ్యాస్ బండ బిల్లు సరిగ్గా ఉందో లేదో ఎలా చూసుకోవాలి

వంటగ్యాస్ బండ ఇంటికి వచ్చినప్పుడు మన చేతి నుంచి పోయే డబ్బు ఒక్కటే అయినా దాని లెక్క మూడు చోట్ల ఉంటుంది. ధర బిల్లులో ఉంటుంది. రాయితీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. డెలివరీ బాయ్ అదనంగా తీసుకున్న ముప్పయ్యో యాభయ్యో ఎక్కడా కనిపించదు. చాలామంది ఈ మూడింటినీ ఒకే లెక్కగా కలిపి చూసి, ఎక్కడ తేడా వచ్చిందో తేలక, ‘ఈ నెల గ్యాస్ మళ్లీ పెరిగినట్టుంది’ అని ఊరుకుంటారు. విడివిడిగా చూస్తే పది నిమిషాల పని. ఇక్కడ చెప్పేదంతా ఇళ్లలో వాడే 14.2 కిలోల బండ గురించే. హోటళ్లు వాడే 19 కిలోల బండకు ధర వేరు, పన్ను వేరు, రాయితీ అసలే లేదు.

మొదటి పని: బిల్లు చేతిలోకి తీసుకోండి

ఇది చెప్పాల్సిన విషయమేనా అనిపించవచ్చు. కానీ బండ దింపి, డబ్బు తీసుకుని, బిల్లు ఇవ్వకుండా వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. అడిగితే ‘ఫోనుకు మెసేజ్ వచ్చింది కదమ్మా’ అంటారు. అది నిజమే, మెసేజ్ వస్తుంది. ఏజెన్సీలో బిల్లు తయారైనప్పుడు మీ రిజిస్టర్డ్ నంబరుకు ఒక ఎస్సెమ్మెస్ వస్తుంది. అందులో బిల్లు నంబరు, మొత్తం, డీఏసీ అనే డెలివరీ కోడ్ ఉంటాయి. అయినా కాగితం అడగండి. ఏజెన్సీ వాళ్లు దానిని క్యాష్ మెమో అంటారు. ఫిర్యాదు చేయాల్సి వస్తే మొదట అడిగేది దాని మీదున్న నంబరే.

ఆ కోడ్ గురించి ఒక జాగ్రత్త. బండ మీ గుమ్మంలో దిగాకే అది చెప్పాలి. ‘దారిలో ఉన్నాను, కోడ్ చెప్పండి’ అని ఫోను వస్తే చెప్పకండి. కోడ్ ఎక్కించిన క్షణం నుంచి కంపెనీ లెక్కలో ఆ బండ మీకు అందినట్టే. రాయితీకి అర్హమైన బండ్ల కోటాలోంచి ఒకటి తరిగిపోతుంది కూడా.

బిల్లులో ముందుగా మీ పేరు, కన్స్యూమర్ నంబరు చూడండి. తర్వాత తేదీ. ఆ తర్వాతే అంకెలు. మామూలుగా అక్కడ మూల ధర, దాని మీద కేంద్ర జీఎస్టీ 2.5 శాతం, రాష్ట్ర జీఎస్టీ 2.5 శాతం, చివర మొత్తం ఉంటాయి. ఇళ్లలో వాడే గ్యాస్ మీద జీఎస్టీ మొత్తం 5 శాతమే. కొన్ని బిల్లుల్లో డెలివరీ ఛార్జీ అని ఒక వరుస కనిపించవచ్చు. దాని సంగతి కాసేపట్లో చెబుతాను. ప్రస్తుతానికి చివరి మొత్తం మీదే దృష్టి పెట్టండి.

రెండో పని: ఆ మొత్తాన్ని మీ ఊరి అధికారిక ధరతో పోల్చండి

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు వార్తల్లో వచ్చిన ధరతో పోల్చడం. టీవీలో చెప్పేది సాధారణంగా ఢిల్లీ ధర. గ్యాస్ ధర ఊరిని బట్టి మారుతుంది. బాట్లింగ్ ప్లాంటు నుంచి మీ ఊరికి రవాణా ఖర్చు ఎంతవుతుందన్నది అందులో ప్రధానమైన తేడా. 2025 ఏప్రిల్ 8న ధర 50 రూపాయలు పెరిగినప్పుడు ఢిల్లీలో అది 803 నుంచి 853 అయింది, హైదరాబాద్‌లో 855 నుంచి 905 అయింది. అదే రోజు, అదే బండ, 52 రూపాయల తేడా. తెలంగాణలోనే ఆదిలాబాద్ వైపు వెళ్తే ఇంకా ఎక్కువ. కాబట్టి పక్క జిల్లాలో ఉన్న చెల్లెలి బిల్లుతో పోల్చి ఏజెన్సీ మీద గొడవకు వెళ్లకండి.

మీ ఊరి ధర తెలుసుకోవడానికి నమ్మదగిన దారి మీ కంపెనీదే. ఇండేన్, భారత్ గ్యాస్, హెచ్‌పీ గ్యాస్ మూడింటికీ కలిపి www.mylpg.in అనే సైటు ఉంది. అక్కడి నుంచి మీ కంపెనీ పేజీకి వెళ్లి, మీ 17 అంకెల ఎల్‌పీజీ ఐడీతో గానీ రిజిస్టర్డ్ ఫోను నంబరుతో గానీ లోపలికి వెళ్లవచ్చు. కంపెనీ యాప్‌లో కూడా ఇదే సమాచారం ఉంటుంది. రీఫిల్ బుక్ చేసే చోట మీ ఏజెన్సీకి వర్తించే ధర కనిపిస్తుంది. పాత బుకింగుల జాబితాలో ఏ తేదీన ఏ ధరకు బిల్లు అయిందో కూడా ఉంటుంది. ఇంటర్నెట్‌లో ‘ఈరోజు గ్యాస్ ధర’ అని వెతికితే వచ్చే ప్రైవేటు సైట్లను పక్కన పెట్టండి. వాటిలో కొన్ని నెలల తరబడి పాత ధరే చూపిస్తుంటాయి. యాప్‌లు అలవాటు లేని పెద్దవాళ్లు ఏజెన్సీ నోటీసు బోర్డు చూడవచ్చు. ధర, స్టాకు రాసిపెట్టడం ఏజెన్సీ బాధ్యత.

పోల్చేటప్పుడు తేదీ ముఖ్యం. కంపెనీలు ధరను సమీక్షించేది సాధారణంగా నెల ఒకటో తేదీన, అవసరమైతే మధ్యలోనూ మారుస్తాయి. పైన చెప్పిన 2025 పెంపు ఏప్రిల్ 8న వచ్చింది. అంతకుముందు 2023 ఆగస్టు 30న 200 రూపాయలు, 2024 మార్చి 9న 100 రూపాయలు తగ్గింది కూడా నెల మధ్యలోనో చివర్లోనో. మీరు బుక్ చేసిన నాటి ధరకే బండ వస్తుందన్న హామీ లేదు. బిల్లు మీదున్న తేదీన మీ ఊళ్లో అమల్లో ఉన్న ధర ఎంతో చూడండి. తగ్గింపు వచ్చిన రోజుల్లో ఇది ఇంకా జాగ్రత్తగా చూడాలి. ముందే ముద్రించి పెట్టుకున్న పాత బిల్లుతో, తగ్గింపు అమల్లోకి వచ్చాక బండ తెస్తే, కొత్త ధరకు బిల్లు మార్చి ఇమ్మని అడగండి.

పన్ను లెక్క సరిచూడటానికి చిన్న కిటుకు ఉంది. మొత్తాన్ని 21తో భాగిస్తే అందులో ఉన్న జీఎస్టీ వస్తుంది. 905ను 21తో భాగిస్తే 43 రూపాయల 10 పైసలు. అంటే మూల ధర 861.90, రెండు జీఎస్టీలు 21.55 చొప్పున, కలిపితే సరిగ్గా 905. బిల్లులో ఈ అంకెలు ఒకటి రెండు పైసల తేడాతో సరిపోవాలి. 18 శాతం పన్ను కనిపించిందంటే మీ కనెక్షన్‌ను వాణిజ్య కనెక్షన్‌గా లెక్కిస్తున్నట్టు. వెంటనే అడగాలి.

మూడో పని: డెలివరీ ఛార్జీ లెక్క

అసలు తగువంతా ఇక్కడే. ముందు ఒక విషయం స్పష్టంగా మనసులో పెట్టుకోండి: ఇంటికి తెచ్చి ఇచ్చే ఖర్చు ఆ ధరలోనే ఉంది. కంపెనీ ఒక్కో బండకు ఏజెన్సీకి కమీషన్ ఇస్తుంది. దానిలో ఆఫీసు నిర్వహణకు ఒక భాగం, ఇంటింటికీ చేర్చడానికి ఒక భాగం. 14.2 కిలోల బండ మీద ఈ కమీషన్ 73 రూపాయల 8 పైసలుగా ఉంటూ వచ్చింది. డెలివరీ వాటా అందులో సగానికి కాస్త తక్కువ. ఈ సొమ్ము మీరు చెల్లించే ధరలో కలిసే ఉంది. కాబట్టి బిల్లులో డెలివరీ ఛార్జీ అనే వరుస ఉన్నా కంగారు పడనక్కర్లేదు. ఆ వరుసను కూడా కలుపుకుని వచ్చే చివరి మొత్తం అధికారిక ధరకు సమానంగా ఉందా లేదా అన్నదే మీ ప్రశ్న.

మరి బయట ఎందుకు అడుగుతారు? డెలివరీ బాయ్‌లలో చాలామందికి ఏజెన్సీ ఇచ్చే జీతం చాలా తక్కువ. కొందరికి బండకు ఇంత అని మాత్రమే ఉంటుంది. మిగతాది ఇంటివాళ్ల దగ్గర రాబట్టుకోమన్నట్టు వదిలేస్తారు. ఎండలో 30 కిలోల ఇనుము భుజాన వేసుకుని మెట్లెక్కే మనిషికి మీరు ఇష్టపడి పది రూపాయలు ఇస్తే అది మీ మర్యాద. దానిని ఛార్జీగా అడిగి వసూలు చేయడం మాత్రం నిబంధనలకు విరుద్ధం. మెట్ల లెక్క కూడా చెల్లదు. ‘మూడో అంతస్తు, లిఫ్టు లేదు, ఇంకో ఇరవై’ అనే మాట ప్రతి అపార్ట్‌మెంటులోనూ వినిపిస్తుంది. ఎన్నో అంతస్తు అయినా గుమ్మం దాకా చేర్చడం ఏజెన్సీ పనే. ‘చిల్లర లేదు’ అనేది ఇంకో దారి. 905 అయితే 950, అడగకపోతే అంతే సంగతులు.

న్యాయంగా అదనంగా పడే సందర్భాలూ ఉన్నాయి. వాటిని గుర్తించడం సులభం, ఎందుకంటే అవి బిల్లులో రాసి ఉంటాయి. మీరే ఫలానా సమయానికి తెమ్మని ప్రత్యేక సేవ ఎంచుకుంటే దానికి రుసుము ఉంటుంది. మీ ఇల్లు ఏజెన్సీ ఉచిత డెలివరీ పరిధికి వెలుపల ఉంటే దూరాన్ని బట్టి రవాణా ఛార్జీ ఉంటుంది. మన దగ్గర గోదాము నుంచి 5 కిలోమీటర్ల లోపు ఉచితమనే లెక్క చాలాకాలంగా వినిపిస్తున్నదే. ఆ పైన దూరానికి ఎంత అన్నది ఏజెన్సీ బోర్డు మీద ఉండాలి, బిల్లులో విడిగా కనిపించాలి. నోటిమాటగా ‘మీ ఊరు దూరం కదా, యాభై’ అంటే, ‘అలాగే, బిల్లులో వేసి ఇవ్వండి’ అనండి. సగం సందర్భాల్లో అక్కడితో మాట ముగుస్తుంది.

పల్లెల్లో పరిస్థితి వేరు. వారానికి ఒకటి రెండుసార్లు ఆటోనో ట్రాలీనో ఊరి మధ్య ఆపి, అక్కడి నుంచే బండ్లు తీసుకుపొమ్మంటారు. అదనం మాత్రం మామూలే. ఇంటికి చేర్చనప్పుడు డెలివరీ వాటాను మీరెందుకు భరించాలి? గోదాము నుంచి మీరే తెచ్చుకుంటే ఆ వాటాను ధరలోంచి తగ్గించే ఏర్పాటు ఉంది. దానిని క్యాష్ అండ్ క్యారీ అంటారు. తగ్గేది ముప్పై రూపాయల పైచిలుకు. బిల్లు కొట్టకముందే ఏజెన్సీలో ‘నేనే వచ్చి తీసుకుంటాను’ అని చెప్పాలి. అప్పుడే తగ్గింపు బిల్లులోకి వస్తుంది. బిల్లు అయ్యాక గోదాముకు వెళ్లి అడిగితే, ఇది హోమ్ డెలివరీ బిల్లు అని తిప్పి పంపుతారు.

ఇంకో మాట, ధరతో నేరుగా సంబంధం ఉన్నదే. 905 రూపాయలకు 14.2 కిలోలంటే కిలో దాదాపు 64 రూపాయలు. అర కిలో తక్కువ వస్తే 32 రూపాయలు పోయినట్టే. బండ పైభాగంలో ఖాళీ బరువు రాసి ఉంటుంది. అది 15.3 అని ఉంటే నిండు బండ 29.5 కిలోలు తూగాలి. తూకం వేసి చూపించమని అడిగే హక్కు మీకుంది, తక్కెడ తేవాల్సిన బాధ్యత వాళ్లది. పొయ్యి, గొట్టం, టీపొడి లాంటివి అంటగడితే తీసుకోనని చెప్పవచ్చు. అవి కొంటేనే బండ ఇస్తామనడం కుదరదు.

నాలుగో పని: రాయితీ ఎంత పడాలో ముందు తేల్చుకోండి, తర్వాత ఖాతా చూడండి

రాయితీ బిల్లులో కనిపించదు. 2015 జనవరి 1 నుంచి దేశమంతటా అమల్లో ఉన్న పహల్ పద్ధతి ప్రకారం మీరు పూర్తి ధర చెల్లిస్తారు, రాయితీ తర్వాత ఖాతాలో పడుతుంది. తెలుగు రాష్ట్రాల పథకాలూ అదే దారిలో నడుస్తున్నాయి. అందుకే డెలివరీ బాయ్‌ని ‘ఉచిత బండ కదా, డబ్బులెందుకు?’ అని అడిగితే ప్రయోజనం లేదు.

ఎంత పడాలన్నది మీరు ఏ వర్గంలో ఉన్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఏ పథకంలోనూ లేని మామూలు కనెక్షన్ అయితే, 2020 మధ్య నుంచి కేంద్ర రాయితీ చాలా ఊళ్లలో దాదాపు సున్నా. కొన్నిచోట్ల పాతిక, నలభై రూపాయల లాంటి చిన్న మొత్తం పడుతుంది. హైదరాబాద్‌లో 40 రూపాయల 71 పైసలు పడటం చాలామంది గమనించే ఉంటారు. మీకేమీ పడకపోతే అది పొరపాటని వెంటనే అనుకోకండి.

ఉజ్వల కనెక్షన్ అయితే కేంద్రం నుంచి బండకు 300 రూపాయలు. 2022 మేలో 200తో మొదలై, 2023 అక్టోబరులో 300 అయింది. ఏడాదికి 12 బండ్ల దాకా ఇచ్చేవారు. 2025–26కు దానిని 9 బండ్లకు కుదించారు. ఏడాది అంటే ఏప్రిల్ నుంచి మార్చి దాకా.

తెలంగాణలో మహాలక్ష్మి పథకం 2024 ఫిబ్రవరి 27న మొదలైంది. లబ్ధిదారుకు బండ చివరికి 500 రూపాయలకు పడాలి. ఏడాదికి ఎన్ని బండ్లకు ఇస్తారన్నది ఆ ఇంటి గత మూడేళ్ల సగటు వాడకాన్ని బట్టి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో దీపం–2 కింద ఏడాదికి మూడు బండ్లు ఉచితం. 2024 నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలో ఇది ప్రారంభమైంది. నాలుగు నెలలకు ఒకటి చొప్పున ఇస్తారు. ఏప్రిల్ నుంచి జూలై, ఆగస్టు నుంచి నవంబరు, డిసెంబరు నుంచి మార్చి. ఒక విడతలో రెండు బండ్లు తీసుకుంటే రెండోదానికి ఉచితం వర్తించదు. ఒక విడత మొత్తం బుక్ చేయకుండా ఊరుకుంటే ఆ ఉచిత బండను వదులుకున్నట్టే. ‘నాకు మూడోది పడలేదు’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి ఇదే కారణం.

ఇప్పుడు ఖాతా. ఇక్కడ జనాన్ని ఎక్కువగా తికమక పెట్టేది సొమ్ము ముక్కలుగా రావడం. కేంద్రం ఇచ్చేది ఒకసారి, రాష్ట్రం ఇచ్చేది ఇంకోసారి పడుతుంది. రెండు రోజుల తేడా ఉండవచ్చు, వేర్వేరు పేర్లతో ఉండవచ్చు. ఒక్క మెసేజ్ చూసి ‘ఇంతే వచ్చిందా’ అనుకోకండి. బండ వచ్చిన రోజు నుంచి వారం పాటు వచ్చిన జమలన్నీ కలిపి చూడండి. మహాలక్ష్మి ఇంటికి లెక్క సులువు: బిల్లు మొత్తంలోంచి 500 తీసేస్తే మిగిలేది ఖాతాలో పడాలి. దీపం–2లో బిల్లు మొత్తం తిరిగి రావాలి. అందులో కేంద్రం వాటా ఎంత, రాష్ట్రం వాటా ఎంత అన్నది మీకు అనవసరం. కూడిక సరిపోతే చాలు.

లెక్క కట్టి చూద్దాం

హైదరాబాద్‌లో మహాలక్ష్మి పథకంలో ఉన్న ఒక ఇల్లు అనుకోండి. 2025 ఏప్రిల్ 6న బండ బుక్ చేశారు. అప్పటి ధర 855. బండ 9న వచ్చింది. డెలివరీ బాయ్ 950 అడిగాడు, నగదు ఇచ్చారు. రోజూ డబ్బు లెక్క రాసుకునే ఇల్లాలు ఆ రాత్రి పుస్తకంలో ‘గ్యాస్ – 95 ఎక్కువ తీసుకున్నాడు’ అని రాసుకుంది.

బిల్లు తీసి చూస్తే తేదీ ఏప్రిల్ 9. మూల ధర 861.90, జీఎస్టీ రెండు వరుసలు 21.55 చొప్పున, మొత్తం 905. ఏప్రిల్ 8న హైదరాబాద్ ధర 905 అయింది కాబట్టి బిల్లు సరైనదే. ఆమె అనుకున్న 95లో 50 రూపాయలు ధర పెరగడం వల్ల వచ్చినవి. వాటి మీద ఏజెన్సీని అడగడానికేమీ లేదు. మిగిలిన 45 బిల్లులో లేవు. ప్రత్యేక సమయం అడగలేదు, ఇల్లు నగరంలోనే ఉంది. కాబట్టి ఆ 45 అక్రమం.

వారం తర్వాత ఖాతాలో జమలన్నీ కలిపితే 405 రూపాయలు. 905 లోంచి 405 తీసేస్తే 500. రాయితీ కూడా సరిగ్గానే పడింది. అయినా ఆ ఇంటికి బండ 545కు పడింది. రాయితీని లెక్కించేది బిల్లు ధర మీద. చేతిలో పెట్టిన 45 రూపాయల సంగతి ప్రభుత్వానికి తెలియదు, తిరిగి రాదు. దీపం–2లో ఉన్న ఇంటికీ ఇంతే. ఉచిత బండ ఆచరణలో యాభై రూపాయల బండ అవుతుంది.

ఈ మూడు తేడాలూ విడదీశాక ఏ ఫిర్యాదు ఎవరికి చేయాలో దానంతట అదే తేలుతుంది. విడదీయకుండా ‘95 ఎక్కువ తీసుకున్నారు, రాయితీ కూడా తక్కువ పడింది’ అని రాస్తే, ఏజెన్సీ ధర పెంపు ఉత్తర్వు చూపించి మొత్తం ఫిర్యాదునే మూసేస్తుంది. ఆ 45 కూడా అందులో కలిసిపోతుంది.

రాయితీ పడకపోతే ఏం చూడాలి

ముందు యాప్‌లోనో సైటులోనో మీ రీఫిల్ చరిత్ర తెరవండి. ఒక్కో బండ ఎదురుగా రాయితీ పంపారో లేదో కనిపిస్తుంది. పంపినట్టు ఉండి మీ ఖాతాలో లేకపోతే, సొమ్ము మీరు చూడని ఖాతాకు వెళ్లి ఉంటుంది. రాయితీ ఆధార్ నంబరు ఆధారంగా వెళ్తుంది. ఏజెన్సీలో మీరు ఇచ్చిన పాస్‌పుస్తకం ఏదైనా సరే, మీ ఆధార్‌కు చివరగా అనుసంధానమైన బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. ఉపాధి హామీ కూలి కోసమో, జీతం కోసమో కొత్తగా తెరిచిన ఖాతాకు ఆధార్ ఇచ్చి ఉంటే అక్కడ చూడండి. ఏ బ్యాంకుకు అనుసంధానమైందో myaadhaar.uidai.gov.in లో లాగిన్ అయి చూసుకోవచ్చు. ఖాతా ఎవరి పేరు మీద ఉండాలన్నది కూడా మరచిపోకండి. కనెక్షన్ ఎవరి పేరున ఉందో వారి ఆధార్‌కే సొమ్ము వెళ్తుంది. కనెక్షన్ అత్తగారి పేరున ఉండి కోడలి ఖాతాలో వెతికితే దొరకదు.

అసలు పంపినట్టే లేకపోతే కారణాలు కొన్నే ఉంటాయి. ఈ–కేవైసీ చేయించుకోకపోవడం, కోటా అయిపోవడం, ఎప్పుడో రాయితీ వదులుకుంటున్నట్టు ఫారం ఇచ్చి ఉండటం, ఆదాయం ఏడాదికి 10 లక్షలు దాటినవారిగా నమోదై ఉండటం. బుకింగ్ చేసేటప్పుడు ఫోనులో పొరపాటున నొక్కిన ఒక అంకెతో రాయితీ వదులుకున్నవాళ్లూ లేకపోలేదు. మొదటిది ఏజెన్సీలో వేలిముద్రతోనో, కంపెనీ యాప్‌లో ముఖం చూపించో పూర్తవుతుంది. రాష్ట్ర పథకాల్లో అయితే రేషన్ కార్డు వివరాలు, కనెక్షన్ వివరాలు కలవకపోవడం ఇంకో కారణం.

ఫిర్యాదు ఎలా రాయాలి

మొదట ఏజెన్సీకి ఫోను చేయండి. చాలా ఏజెన్సీలు అదనపు వసూలు మీద నేరుగా అడిగితే తిరిగి ఇప్పించేస్తాయి. వినకపోతే మూడు కంపెనీలకూ కలిపి ఉన్న ఉచిత నంబరు 1800-2333-555 ఉంది. యాప్‌లో, సైటులో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. నా అభిప్రాయంలో రాసిందే మేలు, నంబరు ఉంటుంది కాబట్టి. కోపం వద్దు, అంకెలు చాలు. ఇలా రాయండి:

‘నా కన్స్యూమర్ నంబరు ఫలానా. బిల్లు నంబరు ఫలానా, తేదీ 09-04-2025, మొత్తం 905 రూపాయలు. డెలివరీ సమయంలో నా దగ్గర 950 రూపాయలు తీసుకున్నారు. అదనంగా తీసుకున్న 45 రూపాయలకు బిల్లు ఇవ్వలేదు. ప్రత్యేక సేవ ఏదీ నేను కోరలేదు. ఆ మొత్తం తిరిగి ఇప్పించి, ఏజెన్సీకి నిబంధనల ప్రకారం సూచన ఇవ్వగలరు.’

చెల్లింపు రుజువు ఉంటే ఇది ఇంకా గట్టిగా నిలబడుతుంది. నగదు ఇచ్చినప్పుడు రుజువు ఉండదు. అందుకే బుకింగ్ సమయంలోనే యాప్‌లో డబ్బు కట్టేయడం తేలికైన పరిష్కారం. అప్పుడు బిల్లు మొత్తం మాత్రమే పోతుంది, చిల్లర మాట రాదు. గుమ్మంలో అదనం అడిగినా అది పూర్తిగా విడిగా కనిపిస్తుంది. గుమ్మం దగ్గరే కట్టాల్సి వస్తే యూపీఐతో బిల్లు మొత్తం మాత్రమే కట్టండి.

కంపెనీ నుంచి సమాధానం రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. pgportal.gov.in లో పెట్రోలియం మంత్రిత్వ శాఖను ఎంచుకుని అవే అంకెలు ఎక్కించవచ్చు. దీపం–2 సొమ్ము పడకపోతే మాత్రం గ్యాస్ కంపెనీని అడిగి ప్రయోజనం లేదు. అది రాష్ట్ర పౌరసరఫరాల శాఖ లెక్క. 1967కు ఫోను చేయండి, లేదా మీ సచివాలయంలో అడగండి. మహాలక్ష్మికి మండల కార్యాలయంలోని ప్రజాపాలన సేవా కేంద్రంలో కనెక్షన్ నంబరు, రేషన్ కార్డు నంబరు చూపించి వివరాలు కలుస్తున్నాయో లేదో చూపించుకోవాలి. వెళ్లేటప్పుడు ఆఖరి రెండు బండ్ల బిల్లులు, ఆ తేదీల బ్యాంకు స్టేట్‌మెంటు వెంట ఉంచుకోండి.